పార్శిల్ వచ్చిన రోజున లెక్కలు మాట్లాడొద్దు

మా పై అంతస్తులో ఉండే దంపతులు నాకు బాగా దగ్గరివాళ్లు. ఇద్దరూ ఉద్యోగస్తులే. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 92 వేలు చేతికొస్తాయి. అయినా 20వ తేదీ దాటిందంటే ఆ ఇంట్లో ఒకటే గొడవ. గుమ్మంలోకి పార్శిల్ వస్తుంది. "మళ్లీ ఏం తెప్పించావ్?" అంటాడాయన. "మీ వాళ్లకి పంపేటప్పుడు నన్నడిగి పంపారా?" అంటుందావిడ. అక్కణ్నుంచి పెళ్లినాటి పెట్టుపోతల దాకా పాత చిట్టా మొత్తం బయటికొస్తుంది. ఆ రాత్రి ఇద్దరూ సగం తిని లేస్తారు. మళ్లీ నెలా ఇంతే.

ఒక ఆదివారం ఇద్దరూ నన్ను పిలిచి, మధ్యలో కూర్చోమన్నారు. మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఫోన్లలోని యూపీఐ చెల్లింపుల చరిత్ర, ఒక తెల్ల కాగితం తీసుకుని కూర్చున్నాం. అద్దె, పిల్లవాడి బడి ఫీజు, బండి వాయిదా, చీటీ, ఇంటి సరుకులు, ఊళ్లో ఉన్న ఆయన అమ్మానాన్నలకు పంపే 8 వేలు... తప్పని ఖర్చులన్నీ కలిపితే 72 వేలు తేలింది. అంటే 20 వేలు మిగలాలి. మిగలకపోగా క్రెడిట్ కార్డు మీద 42 వేల బాకీ ఉంది.

ఆ 20 వేలు ఎటు పోతున్నాయో చూశాం. ఆవిడ తెప్పించే పార్శిళ్లు నెలకు సగటున 5,600. ఆయన టీలు, సిగరెట్లు, ఆఫీసు దగ్గర టిఫిన్లు 3,900. అదెక్కడా కనిపించే ఖర్చు కాదు, ముప్పై, అరవై చొప్పున రోజుకు మూడు నాలుగు స్కాన్లు. బయటినుంచి తెప్పించుకునే భోజనాలు 4,200. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, అక్కడి చదివింపులు, దారి ఖర్చులు కలిపి 4,500. మందులూ అవీ 1,500. కార్డు బాకీ మీద వడ్డీయే ఇంకో 1,500. అంతా కూడితే 21,200. నెలకు లోటు 1,200 మాత్రమే!

కాగితం చూసి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. పార్శిల్ గుమ్మంలో అట్టపెట్టెగా కనిపిస్తుంది కాబట్టి గొడవ ఎప్పుడూ దాని మీదే పడేది. టీకొట్టు దగ్గరి స్కాన్‌కి పెట్టె ఉండదు. చదివింపుల సంగతి అసలు ఇద్దరికీ తట్టలేదు, అది ఎవరి ఖర్చూ కాదు కదా. చాలా ఇళ్లలో ఇదే జరుగుతుందని నా నమ్మకం. కనిపించిన ఖర్చుకి మాట పడుతుంది, కనిపించనిది తప్పించుకుపోతుంది.

అందుకే డబ్బు మాట ఎత్తే రోజు ముఖ్యం. అమెరికాలో దంపతుల మాటల తీరు మీద దశాబ్దాలు పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ గాట్‌మన్, సిబిల్ కారేర్ అనే మరో పరిశోధకురాలితో కలిసి 1999లో ఒక అధ్యయనం ప్రచురించారు. కొత్తగా పెళ్లయిన 124 జంటలు ఏదో ఒక అభిప్రాయభేదం గురించి మాట్లాడుకుంటుంటే రికార్డు చేసి, మొదటి మూడు నిమిషాలను పరిశీలించారు. ఆరేళ్లలో ఏ జంట విడిపోయే అవకాశం ఎక్కువో ఆ మూడు నిమిషాల తీరు చాలావరకు పట్టిచ్చింది. నిందతో మొదలైన మాట నిందతోనే ముగుస్తుంది. వేడెక్కినప్పుడు కనీసం ఇరవై నిమిషాలు ఆపి, లేచి వెళ్లి వేరే పని చేసుకోమని కూడా గాట్‌మన్ చెబుతారు. గుండె దడ తగ్గేదాకా ఎదుటివాళ్ల మాట చెవికెక్కదు.

కాబట్టి ఖర్చు జరిగిన రోజు వద్దు, జీతం పడ్డాక వచ్చే మొదటి ఆదివారం పొద్దున కూర్చోమన్నాను. మొదటి మాట ఎవరి ఖర్చు వాళ్లు చెప్పుకోవడంతో మొదలవ్వాలి. ఆయన ఇలా మొదలుపెట్టాడు: "నా టీల ఖర్చు నాలుగు వేలకు దగ్గరగా ఉందని నాకే తెలీదు. కార్డు బాకీ చూస్తే భయమేస్తోంది." "నువ్వు ఎప్పుడూ ఇంతే" అనే మాట ఎక్కడా రాలేదు. అప్పుడావిడ అసలు సంగతి చెప్పింది. అత్తమామలకు పంపే 8 వేల మీద ఆవిడకు ఏ బాధా లేదు. సంక్రాంతికి అదనంగా పంపిన 10 వేల సంగతి ఆడపడుచు నోట వినాల్సి వచ్చిందనే బాధ.

అక్కడ మూడు విషయాలు ఒప్పుకున్నారు. ఇద్దరికీ చెరో 3 వేలు, దేనికి పెట్టారని రెండోవాళ్లు అడగకూడదు. జాబితాలో లేనిది 2 వేలు దాటితే ముందు చెప్పాలి. చెప్పడం వేరు, అనుమతి అడగడం వేరు, ఈ తేడా దగ్గరే ఆవిడ గట్టిగా నిలబడింది, న్యాయమే. చదివింపులకు నెలకు 4,500 వేరే ఖాతాలో పడాలి. భోజనాలు తెప్పించుకోవడం 2,500కి తగ్గించుకున్నారు. ఇలా మిగిలినదానితో కార్డుకు నెలకు 5,500 కట్టగలుగుతారు. కనీస మొత్తం కట్టి ఊరుకుంటే అందులో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కార్డుతో కొత్తగా కొన్నదానికి ఆ రోజు నుంచే వడ్డీ పడుతుంది. అందుకే కార్డుని బీరువాలో పెట్టేశారు. ఈ లెక్కన తొమ్మిది పది నెలల్లో బాకీ తీరుతుంది.

రెండో నెలలో బెడిసింది. ఆయన తన 3 వేలు పదిహేనో తేదీకే అయిపోగొట్టి, స్నేహితుడి దగ్గర చేబదులు తీసుకుని దాచాడు. ఫోన్‌లో అది చూసి ఆవిడ నిలదీసింది. ఖర్చు కంటే దాచడమే ఎక్కువ గుచ్చుకుంటుంది. మొత్తం సరిగా పెట్టుకోలేదేమోనని మళ్లీ చూసుకున్నారు. ఆఫీసు టిఫిన్లు ఇంటి ఖర్చులోకి మారాయి.

అన్ని ఇళ్లకూ ఈ పద్ధతి సరిపోదు. బెట్టింగ్ యాప్‌లు, లోన్ యాప్‌ల అప్పులు దాస్తున్నారంటే అది వాడకం అలవాటు కాదు, ముందు మొత్తం అప్పు ఎంతో బయటపడాలి, వైద్య సాయం కూడా కావాల్సి రావచ్చు. భార్య జీతం, ఏటీఎం కార్డు భర్త లాక్కుని పైసా ఇవ్వకపోతే అది మాట్లాడుకుని సర్దుకునే విషయం కానే కాదు. 2005 నాటి గృహహింస చట్టం ఆర్థిక హింసను కూడా హింసగానే చూస్తుంది. 181 మహిళా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయవచ్చు.

ఇక తల్లిదండ్రులతో మాట మరీ సున్నితం. ఊళ్లో ఉన్న వాళ్ల నాన్నగారు అడిగిన ప్రతివాడికీ చేబదులు ఇస్తారు, చీటీలకు జామీను సంతకాలు పెడతారు. కొడుకు నాలుగేళ్లుగా "ఎవరికెంతిచ్చావ్ నాన్నా?" అని అడిగినప్పుడల్లా "నన్నే లెక్కలడిగేంత పెద్దవాడివయ్యావా?" అని ఆయన లేచి వెళ్లిపోయేవారు. ఆ వయసు మనిషికి లెక్క అడగడమంటే నమ్మకం లేదనడమే. ఈసారి దసరాకు వెళ్లినప్పుడు కొడుకు ఏమీ అడగలేదు. తన కాగితం తీసి నాన్న ముందు పెట్టాడు. "నాన్నా, మా సంసారం లెక్క ఇది. కార్డు మీద అప్పు చేశాను. నీకేమైనా ఆస్పత్రి ఖర్చు వస్తే చేతిలో ఎంత ఉంచుకోవాలో తెలీడం లేదు. నువ్వే చెప్పు."

ఆయన కళ్లజోడు పెట్టుకుని కాగితమంతా చదివారు. వడ్డీ దగ్గర వేలు పెట్టి "ఇంత కడుతున్నావా?" అని కోప్పడ్డారు. కాసేపయ్యాక లోపలికి వెళ్లి, ట్రంకుపెట్టెలోంచి అట్ట ఊడిన నోటుబుక్కు ఒకటి తెచ్చి, "ఇందులో వాళ్ల పేర్లున్నాయి, వసూలవుతాయో లేదో చూద్దాం కూర్చో" అన్నారు.