‘లెండి’ని కత్తిరిస్తే

కరపత్రం మీదో, షోరూం గోడ మీదో, యూట్యూబ్ వీడియో కిందో ‘మా కస్టమర్లు ఏమంటున్నారంటే’ అని నాలుగు మాటలు కనిపిస్తుంటాయి. చదవగానే చాలామందికి ఒక అనుమానం వస్తుంది: ఈ మనిషి నిజంగా ఇలాగే మాట్లాడి ఉంటాడా? చాలాసార్లు మాట్లాడి ఉండడు. అలాగని ఆ మాటలు పూర్తిగా అబద్ధమనీ చెప్పలేం. ఫోన్‌లో పొడుగ్గా చెప్పినదాన్ని ఎవరో కూర్చుని కుదించి ఉంటారు. ఆ కుదించడంలోనే మాట మారిపోతుంది, ఒక్కోసారి కుదించినవాళ్ళకే తెలియకుండా.

నమూనాగా ఒకటి తీసుకుందాం. ఇంటి డాబా మీద సోలార్ పలకలు బిగించే చిన్న సంస్థ ఒకటి ఉందనుకోండి. పాత కస్టమర్‌కి ఫోన్ చేసి, మా పని ఎలా ఉందో నాలుగు ముక్కలు చెప్పండి సార్ అని అడిగారు. ఆయన వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపాడు. దాన్ని ఉన్నదున్నట్టు కాగితం మీద పెడితే ఇలా ఉంటుంది:

“నమస్తే అండీ, మీరు చెప్పమన్నారు కదా, అందుకే చెప్తున్నా. మేం పోయిన నవంబర్‌లో పెట్టించుకున్నాం, మూడు కిలోవాట్లది. అంతకుముందు ఎండాకాలంలో, అంటే ఏసీలు రెండూ ఆడితే, నాలుగు వేలు, నాలుగున్నర వేలు అట్లా వచ్చేది బిల్లు. ఈసారి మే నెలలో ఆరొందలు, ఏడొందల మధ్యలో వచ్చింది. అబ్బాయి వాళ్ళు బెంగళూరు వెళ్ళిపోయారు లెండి, ఒక ఏసీ పెద్దగా వాడలేదు. బిగించే కుర్రాళ్ళు మంచోళ్ళండి, రెండ్రోజుల్లో పని ముగించారు, చెత్త కూడా వాళ్ళే ఎత్తేశారు. నెట్ మీటర్‌కే కాస్త ఆలస్యం, నెలన్నర పట్టింది, అది మీ చేతిలో లేదు లెండి. మధ్యలో ఒకసారి ఇన్వర్టర్ ఆగిపోతే ఫోన్ చేశా, మూడో రోజు వచ్చి బాగుచేశారు. మొత్తానికి పెట్టుకున్నందుకు బాధ లేదండి. ఎండ బాగా పడే ఇళ్ళవాళ్ళు పెట్టించుకోవచ్చు అనిపిస్తోంది.”

ఇవి దాదాపు 80 మాటలు. కరపత్రంలో 40కి మించి పట్టవు. ఆఫీసులో ఎవరో కుర్చీలో కూర్చుని ఐదు నిమిషాల్లో దీన్ని ఇలా తయారుచేస్తారు:

“నెలకు 4,500 వచ్చే కరెంటు బిల్లు 600కి పడిపోయింది! రెండ్రోజుల్లో పని పూర్తి. ఏ సమస్య వచ్చినా వెంటనే వచ్చి బాగుచేస్తారు. చాలా సంతోషంగా ఉంది. అందరూ పెట్టించుకోవాలి!”

రాసినవాళ్ళని అడిగితే, కొత్తగా ఏం కలిపాం, ఆయన చెప్పిందే కదా అంటారు. ఒక్కో మాటా పట్టుకుని చూద్దాం.

ఆయన ‘నాలుగు, నాలుగున్నర వేలు’ అన్నాడు. ఇందులో పై అంకె మిగిలింది. ‘ఆరొందలు, ఏడొందల మధ్య’ అన్నదానిలో మాత్రం కింది అంకె మిగిలింది. రెండు చోట్లా సంస్థకు లాభించే కొస మిగలడం యాదృచ్ఛికం కాదు, చెయ్యి దానంతటదే అటు పోతుంది. ఎండాకాలంలో, ఏసీలు రెండూ ఆడినప్పుడు వచ్చే బిల్లు ‘నెలకు’ వచ్చే బిల్లయింది. డిసెంబరులో కూడా ఆయన అంత కట్టేవాడని చదివేవాడు అనుకుంటాడు. ఇక ఒక ఏసీ వాడకపోవడమన్నది పూర్తిగా మాయమైంది. బిల్లు తగ్గడంలో ఎంత వాటా సోలార్‌దో, ఎంత వాటా ఖాళీ గదిదో ఆయనకే తెలీదు. తెలీదు కాబట్టే ఆ సంగతి చెప్పాడు.

తెలుగులో ఈ ‘లెండి’ భలే మాట. చెప్పినదానికి మనమే ఒక అడ్డుకట్ట వేసుకునేటప్పుడు వస్తుంది. ‘మామిడికాయలు చవగ్గా దొరికాయి, చిన్నవే లెండి’ అన్నట్టు. మాట్లాడేవాడు తన మాటకు తానే హద్దు గీసుకునే చోటు అది. కత్తిరించేవాడికి మాత్రం అది ఊతపదంలా కనిపిస్తుంది, కత్తెర మొదట పడేది దానిమీదే. అనిపిస్తోంది, కాస్త, అట్లా, పెద్దగా, ఏమో, అట - వీటన్నిటిదీ అదే గతి. ‘తగ్గింది’ అనడం వేరు, ‘తగ్గినట్టుంది’ అనడం వేరు, ‘తగ్గిందట’ అనడం ఇంకా వేరు. మొదటిదానికి చెప్పినవాడు పూచీ పడతాడు, రెండోదానికి సగం పడతాడు, మూడోదానికి అసలు పడడు. మన భాషలో మాట బలమంతా క్రియ తోకలో ఉంటుంది. తోక కోసేస్తే మిగిలేది ఆయన మాట కాదు.

అదే కోవలోది ‘వచ్చి బాగుచేశారు’ అన్నది ‘వచ్చి బాగుచేస్తారు’ కావడం. ఒక్క అక్షరం తేడా. మొదటిది ఒకసారి జరిగిన సంగతి, రెండోది ఎప్పుడూ జరుగుతుందనే హామీ. పైగా ‘మూడో రోజు’ కాస్తా ‘వెంటనే’ అయింది. ‘బాధ లేదండి’ కూడా ‘చాలా సంతోషం’ అయింది. మన పెద్దవాళ్ళు మెచ్చుకోలును అలా కాదన్నట్టుగానే చెబుతారు, అందులోనే ఆయన గొంతు ఉంది. దాన్ని సంతోషంగా మార్చడానికి మనకు అనుమతి లేదు, ఆయన ఆ మాట అనలేదు.

మరి సరిగ్గా కుదించడం ఎలా? ముందు ఆయన చేసిన దావాలన్నీ విడివిడిగా గీత గీసుకోవాలి. దావా అంటే నిజమా కాదా అని అడగడానికి వీలున్న మాట. ఇందులో బిల్లు సంగతి, బిగింపు సంగతి, నెట్ మీటర్ సంగతి, ఇన్వర్టర్ సంగతి, చివర సలహా ఉన్నాయి. తర్వాత ఒక్కో దావాకి అంటుకుని ఉన్న షరతులేవో చూడాలి: ఎప్పుడు, ఎంతలో, ఏ పరిస్థితిలో. షరతు దావాతోనే ఉండాలి, లేదా రెండూ కలిసి పోవాలి. షరతును తీసేసి దావాను ఉంచడం మాత్రం కుదరదు. ఈ ఒక్క పట్టింపు ఉంటే మిగతా పని సులువు. పలకరింపులు, చెప్పిందే మళ్ళీ చెప్పడాలు, అబ్బాయి ఏ ఊరు వెళ్ళాడన్న ఇంటి సంగతులు నిశ్చింతగా తీసెయ్యొచ్చు. నిజానికి ఇంటి సంగతులు తీసెయ్యడమే మర్యాద.

“నవంబర్‌లో మూడు కిలోవాట్లది పెట్టించుకున్నాం. అంతకుముందు ఎండాకాలంలో ఏసీలు రెండూ ఆడితే బిల్లు నాలుగు వేలు, నాలుగున్నర వేలు అట్లా వచ్చేది. ఈసారి మే నెలలో ఆరొందలు, ఏడొందల మధ్యలో వచ్చింది. ఒక ఏసీ పెద్దగా వాడలేదు లెండి. బిగించే కుర్రాళ్ళు రెండ్రోజుల్లో పని ముగించారు, నెట్ మీటర్‌కి నెలన్నర పట్టింది. పెట్టుకున్నందుకు బాధ లేదండి.”

దాదాపు సగమైంది. ఇన్వర్టర్ ముచ్చట పోయింది. అది పోవచ్చా అంటే, పోవచ్చు. మిగిలిన మాటల్లో ఏదీ ‘ఎప్పుడూ ఆగలేదు’ అనే అర్థం ఇవ్వడం లేదు కాబట్టి. నెట్ మీటర్ ఆలస్యాన్ని మాత్రం తీయలేం. ‘రెండ్రోజుల్లో పని ముగించారు’ అని ఒక్కటే ఉంచితే, మూడో రోజునుంచే తన కరెంటు గ్రిడ్‌కి వెళ్ళి లెక్కలో పడుతుందని చదివేవాడు అనుకుంటాడు. పలకలు బిగించడం ఒక పని, ఇంట్లోంచి బయటికి పోయిన యూనిట్లనూ లెక్కగట్టే మీటరు పెట్టడం కరెంటు సంస్థ చేసే మరో పని.

ఇంకా చోటు తక్కువైతే? షోరూం గోడ మీద పది మాటలే పడతాయనుకుందాం. అప్పుడు బిల్లు సంగతే ఎత్తకూడదు. షరతులతో సహా అది పది మాటల్లో పట్టదు. దానికి బదులు, “కుర్రాళ్ళు మంచోళ్ళండి, రెండ్రోజుల్లో పని ముగించారు” అన్నదీ వద్దు, ఇందాకటి చిక్కే. “బిగించే కుర్రాళ్ళు మంచోళ్ళండి, చెత్త కూడా వాళ్ళే ఎత్తేశారు.” ఇది వేసుకోవచ్చు. నన్నడిగితే 4,500 అంకె కంటే ఈ చెత్త మాటే ఎక్కువ నమ్మిస్తుంది. ఇంట్లో మేస్త్రీ పని చేయించుకున్నవాళ్ళెవరికైనా దాని విలువ తెలుసు. ‘మంచోళ్ళు’ని ‘మంచివాళ్ళు’గా దిద్దాల్సిన పని కూడా లేదు. ఖమ్మం మనిషి ‘మంచిగున్నది’ అంటే దాన్ని ‘బాగుంది’ చెయ్యనక్కర్లేదు.

కుదించాక తిరిగి ఆయనకు పంపాలి. ఇక్కడ మనవాళ్ళ మొహమాటం అడ్డొస్తుంది. ‘ఇలా వేసుకుంటాం, ఓకేనా సార్?’ అంటే నూటికి తొంభైమంది చూడకుండానే సరే అంటారు. ప్రశ్న మార్చాలి: ‘ఇందులో మీరు అనని మాట ఏదైనా ఉందా? మీరన్నదాంట్లో ముఖ్యమైంది ఏమైనా వదిలేశామా?’ అలా అడిగితే చదువుతారు. కళ్ళు సరిగా కనబడని పెద్దాయనైతే ఫోన్‌లో చదివి వినిపించాలి. మొదటి గొంతు రికార్డు, కుదించిన పాఠం, ఆయన జవాబు - మూడూ తేదీతో దాచుకోవాలి. రేపు ఎవరైనా అడిగితే చూపించాల్సింది అదే.

అడిగేవాళ్ళు ఉన్నారు కూడా. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు తెచ్చింది. ప్రకటనలో వాడే సిఫారసు ఆ మనిషి నిజమైన అభిప్రాయమై ఉండాలి, మరీ పాతబడినది కాకూడదు, వస్తువును వాడిన అనుభవం మీదో, దాని గురించి తగినంత తెలిసో చెప్పినదై ఉండాలి అని అవి చెబుతాయి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారం ఆ సంస్థకు ఉంది. అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మార్గదర్శకాలు ఇంకాస్త సూటిగా ఉంటాయి: కస్టమర్ వాడిన పదాలే వాడాలని లేదు, కానీ సందర్భం నుంచి పీకేసి గానీ, తిరగరాసి గానీ అభిప్రాయాన్ని వంకర చేయకూడదు. అక్కడి తెలుగువాళ్ళకు పచ్చళ్ళూ పొడులూ అమ్మేవాళ్ళకు ఇది తెలిసి ఉండటం మంచిది.

పచ్చళ్ళూ పొడులూ అంటే గుర్తొచ్చింది. కొర్రల పిండి వాడాక షుగర్ తగ్గిందని కస్టమర్ తన నోటితో అన్నా, మనం ఒక్క అక్షరం మార్చకపోయినా, దాన్ని ప్రకటనలో వేస్తే చిక్కే. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకటనల్లో నయమవుతాయని చెప్పకూడదన్న జబ్బుల పట్టికలో మధుమేహం ఉంది. నమ్మకంగా కుదించినంత మాత్రాన ప్రతి మాటా అచ్చుకు పనికిరాదు.

ఇక ఆఖరి చిక్కు, కస్టమర్ పొరబడితే? మన సోలార్ ఆయన కుదించిన పాఠం చూసుకుని, అనుమానమొచ్చి, పాత బిల్లులు తీసి చూశాడనుకుందాం. అంతకుముందు మే బిల్లు 3,860 అని తేలింది. ఆఫీసులో ఎవరో తమంతట తాము అంకె దిద్దేసి ఊరుకోకూడదు, అలాగని తెలిశాక పాత అంకె అచ్చువేయకూడదు. మళ్ళీ ఆయన్నే అడగాలి. “అయితే నాలుగు వేలకు కాస్త తక్కువ అని రాయండి, బిల్లు ఫొటో పంపుతా” అంటాడు. అదే రాయాలి, ఆ ‘కాస్త’తో సహా.