రాగం వస్తే చాలదు, ప్రశ్న కావాలి

సంగీతంలో ఎం.ఏ. పూర్తిచేసిన అమ్మాయి ఒకరు అమెరికాలో పీహెచ్‌డీకి దరఖాస్తు చేస్తోందనుకుందాం. మార్కుల జాబితాలు, సిఫారసు లేఖలు, తాను రాసిన ఒక పరిశోధన వ్యాసం, వీటితోపాటు రెండు పేజీల లేఖ పంపాలి. దాన్నే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ అంటారు. చాలామంది ఆ లేఖను ‘అయిదో ఏట సరళీ స్వరాలతో నా ప్రయాణం మొదలైంది’ అని మొదలుపెడతారు. అక్కడే దెబ్బతింటారు.

ఎందుకంటే ఆ లేఖ చదివేవాళ్లు గాయకుల కోసం వెతకడం లేదు. 1885లో వియన్నా పండితుడు గీడో ఆడ్లర్ సంగీత అధ్యయనాన్ని రెండు పాయలుగా విడదీశాడు. అందులో ఒకటి చారిత్రక సంగీతశాస్త్రం. రాతప్రతులు, అచ్చుపుస్తకాలు, ఉత్తరాలు, కచేరీ ప్రకటనలు, పాత రికార్డులు చూసి ఒక కాలపు సంగీతం గురించి ఏం చెప్పగలమో, ఏం చెప్పలేమో తేల్చడం దాని పని. కాబట్టి కమిటీ లేఖలో మొదట మూడు సంగతులు వెతుకుతుంది: అడుగుతున్న ప్రశ్న ఏమిటి, దానికి ఆధారాలు ఎక్కడున్నాయి, వాటిని చదివే సత్తా ఈ అభ్యర్థికి ఉందా?

మన అమ్మాయి మొదటి చిత్తుప్రతిలో ‘కర్ణాటక సంగీత చరిత్రపై పరిశోధన చేయాలని ఉంది’ అని రాసింది. అది పరిశోధనాంశం కాదు, ఒక గ్రంథాలయమంత విషయం. దాన్ని ఒక్క పుస్తకానికి కుదిద్దాం. సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో అచ్చయింది. అందులో స్వరాక్షరాలతోపాటు గమకాలకు గుర్తులున్నాయి. స్వరం మీద అలలాంటి గీత ఉంటే కంపితం, ఏటవాలు గీత ఉంటే జారు. దానికి దశాబ్దం ముందే చిన్నస్వామి ముదలియార్ మద్రాసులో త్యాగరాజ కృతులను పాశ్చాత్య స్టాఫ్ నొటేషన్‌లో అచ్చువేశారు. సుబ్బరామ దీక్షితులను ఈ గ్రంథరచనకు పురికొల్పినవారిలో ఆయన ఒకరు.

ఇప్పుడు లేఖ మొదటి పేరా ఇలా మారుతుంది: ‘దాదాపు ఒకే కాలంలో, ఒకరినొకరు ఎరిగిన ఇద్దరు రెండు వేర్వేరు పద్ధతుల్లో గమకాన్ని కాగితం మీద పెట్టడానికి ప్రయత్నించారు. రెండు పుస్తకాల్లోనూ దొరికే రాగాలను తీసుకుని, ఒక్కో పద్ధతి దేన్ని పట్టుకుంది, దేన్ని వదిలేసింది, అవి ఎవరిని ఉద్దేశించి రాసినవి అన్నది పరిశీలిస్తాను.’ ఇందులో అభ్యర్థి తన గురించి ఒక్క పొగడ్తా చెప్పుకోలేదు. అయినా రెండు పుస్తకాలనూ దగ్గరపెట్టుకుని చూసిందని ఇట్టే తెలుస్తుంది.

ఇక్కడ ఒక గొయ్యి ఉంది. ఉత్సాహం కొద్దీ ‘ముత్తుస్వామి దీక్షితులు ఎలా పాడారో నిరూపిస్తాను’ అని రాస్తే చదివేవాళ్లు పెన్ను కింద పెట్టేస్తారు. ఆయన పోయింది 1835లో. పుస్తకం వచ్చింది 69 ఏళ్ల తర్వాత. అది ఆయన వంశంలోని శిష్యపరంపర గుర్తుపెట్టుకున్న పాఠమే తప్ప ఆయన గొంతు కాదు. ‘ఈ ఆధారం ఇంతవరకే చెబుతుంది’ అని అభ్యర్థే ముందుగా ఒక వాక్యం రాస్తే, పరిశోధన అంటే ఏమిటో ఆమెకు తెలుసని అర్థమవుతుంది.

రెండో పేరా సత్తా గురించి. చాలా విశ్వవిద్యాలయాల్లో ఈ శాఖవాళ్లు జర్మన్, ఫ్రెంచి లాంటి భాషలు చదవగలగాలని అడుగుతారు. పరిశోధనాంశానికి అవసరమైన భాషను లెక్కలోకి తీసుకునే చోట్లూ ఉన్నాయి. మన అభ్యర్థి తెలుగును ‘మాతృభాష’ అని ఒక ముక్కలో దాటేస్తే నష్టపోతుంది. ఆ పుస్తకంలోని పాత తెలుగు ముద్రణను, సంస్కృత లక్షణ శ్లోకాలను, స్వరలిపిని మూలంలోనే చదవగలనని, ఏ రాగాన్ని అలా చదివిందో చెప్పాలి. వీణ వాయిస్తుందా? అయితే నొక్కు, జారు గుర్తులను మెట్ల మీద వాయించి చూసినప్పుడు ఏం తేలిందో ఒక వాక్యం చాలు. పోటీల బహుమతుల చిట్టా ఇక్కడ అక్కర్లేదు.

చివరి పేరా: ఆ విశ్వవిద్యాలయమే ఎందుకు? భారతీయ సంగీతం అనగానే కొన్ని చోట్ల దరఖాస్తును ఎత్నోమ్యూజికాలజీ వైపు తోసేస్తారు. అక్కడ ప్రధానంగా ఇప్పుడు పాడుతున్నవాళ్ల మధ్య తిరిగి చేసే పరిశోధనకు పెద్దపీట. పాత అచ్చుపుస్తకాల ప్రశ్న పట్టుకున్నవాళ్లు తమది చారిత్రక పనేనని స్పష్టంగా చెప్పాలి. నొటేషన్ చరిత్ర మీదో, ముద్రణ మీదో, వలసపాలన కాలం మీదో పనిచేసే అధ్యాపకులు అక్కడ ఉన్నారేమో చూసుకోవాలి. వాళ్ల రచనల్లో ఒకటి చదివి, అది తన ప్రశ్నకు ఎక్కడ అక్కరకొస్తుందో రాయాలి. పేరాలోని అధ్యాపకుడి పేరు తీసేసి మరో పేరు పెట్టినా వాక్యం చెల్లుతోందంటే, అది ఇంకా రాయనట్టే.

అలాంటి అధ్యాపకులు ఒక్కరూ దొరకకపోతే ఆ చోటికి దరఖాస్తు పంపకపోవడమే మేలు. పీహెచ్‌డీ అయిదేళ్లో, అంతకంటే ఎక్కువో పడుతుంది. ఆ ఏళ్లంతా ఆ ప్రశ్నను చదివి తప్పొప్పులు చెప్పే మనిషి పక్కన లేకపోతే సీటు వచ్చీ లాభం లేదు.