11:11 చూసినప్పుడల్లా అతనే గుర్తొస్తే

ప్రేమలో పడ్డ కొత్తల్లో ఫోన్ చేతిలోంచి దిగదు. మెసేజ్ వచ్చిందేమోనని చూస్తే టైం 11:11. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ చూస్తే 2:22. సిగ్నల్ దగ్గర ముందు ఆగిన కారు నంబరు 4444. ఇవి ఊరికే కనబడవని, దేవదూతలు మనకు పంపే కబుర్లని చాలామంది నమ్ముతున్నారు. వీటినే ఏంజెల్ నంబర్లు అంటున్నారు.

మన దగ్గర సంఖ్యాశాస్త్రం చూసేవాళ్లు పుట్టిన తేదీనో పేరులోని అక్షరాలనో కూడి లెక్క కడతారు. ఇందులో ఆ లెక్కలేవీ లేవు. అంకె కంటబడటమే సంకేతం. దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చింది అమెరికా రచయిత్రి డోరీన్ వర్చూ. 2005లో మరో రచయిత్రితో కలిసి ఆమె ఇదే పేరుతో పుస్తకం తెచ్చారు. 2017లో బాప్తిస్మం తీసుకున్నాక తన పాత బోధనలన్నీ తప్పని బాహాటంగా చెప్పారు. అయినా ఆ అంకెల అర్థాలు ఆగలేదు, ఇప్పుడు రీల్స్‌లో తిరుగుతున్నాయి.

ప్రేమ విషయంలో నమ్మేవాళ్లు చెప్పే అర్థాలు దాదాపు ఇలా ఉంటాయి. 111 కనబడితే మనసులో అనుకున్నది జరగబోతోందని, 222 అయితే ఓపిక పట్టు, జోడీ కుదురుతుందని, 444 అయితే మీకు రక్షణ ఉందని. 555 మార్పుకు, 999 ఒక అధ్యాయం ముగియడానికి గుర్తు. 1111కి ఇంకా పెద్ద మాట చెబుతారు: ఒకే ఆత్మలో రెండో సగం, వాళ్ల భాషలో ట్విన్ ఫ్లేమ్, దగ్గరవుతోందని.

ఇంత తరచుగా ఇవి ఎందుకు కనబడతాయో లెక్క వేసి చూడవచ్చు. ఉదయం ఏడింటికి లేచి, రాత్రి ఒకటిన్నర దాకా చాటింగ్‌లో ఉండే ఒక అమ్మాయి అనుకుందాం. పన్నెండు గంటల గడియారంలో ఆమె మేలుకున్న వేళల్లో ఒకే అంకె వరుసగా కనిపించే నిమిషాలు ఎనిమిది: పగలు 11:11, మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా 1:11, 2:22, 3:33, 4:44, 5:55, రాత్రి మళ్లీ 11:11, 1:11. ఆమె మేలుకుని ఉండేది 1,110 నిమిషాలు. రోజుకు వందసార్లు ఫోన్ చూస్తే, ఏ దేవదూతా తలపెట్టకుండానే వారానికి సుమారు ఐదుసార్లు ఇలాంటి నిమిషం తగులుతుంది. వారమంతా ఒక్కటీ తగలకపోతేనే ఆశ్చర్యపోవాలి. పైగా ప్రేమ వచ్చాక ఫోన్ చూడటం పెరిగింది, నిద్ర తగ్గింది. అంకెలు ఎక్కువ కనబడటానికి ప్రేమే కారణం, అయితే కబురు పంపడం వల్ల కాదు.

బండ్ల నంబర్లూ అంతే. నాలుగు అంకెల్లో కనీసం మూడు పక్కపక్కనే ఒకటిగా ఉండేవి నూటికి దాదాపు రెండు. హైదరాబాద్ ట్రాఫిక్‌లో అరగంట ఇరుక్కుంటే ఎన్ని బండ్లు చూస్తామో చెప్పక్కర్లేదు. 4:37 చూసినది మనకు గుర్తుండదు, 4:44 గుర్తుంటుంది. ఒకసారి మనసులో పడ్డ విషయం ఎక్కడ చూసినా ఎదురవుతున్నట్టు అనిపించడాన్ని భాషా శాస్త్రవేత్త ఆర్నాల్డ్ జ్విక్కీ 2005లో ఫ్రీక్వెన్సీ ఇల్యూజన్ అన్నారు.

నిజంగా పరీక్షించాలంటే సంకేతాల నిమిషాలకు జోడీగా 1:37, 2:49, 3:26, 4:18, 5:07, 11:43 అనే మామూలు నిమిషాలు ఎంచుకోండి. రెండు వారాలు రెండు జాబితాలూ ఒక కాగితం మీద టిక్కు పెట్టుకుంటూ వెళ్తే, రెండూ ఇంచుమించు సమానంగా వస్తాయి. ఒక్క జాగ్రత్త అవసరం. 11:10కి ఫోన్ చూసి, తెలియకుండానే ఇంకో నిమిషం ఆగిపోతాం. అది లెక్కలోకి రాకూడదు.

నాకు బాధ కలిగించేది అర్థాల్లోని వెసులుబాటు. అతను మూడు వారాలుగా జవాబివ్వడం లేదు, 222 కనబడింది: ఓపిక పట్టమంటోంది. 555 కనబడింది: అతను మారబోతున్నాడు. 999 కనబడింది: పాత గొడవ ముగిసి తిరిగొస్తాడు. ఏ అంకె వచ్చినా ఎదురుచూపే మిగులుతోంది. ట్విన్ ఫ్లేమ్ నమ్మకంలో ఒకరు పారిపోవడం, ఇంకొకరు వెంటపడటం కూడా దైవ ప్రణాళికే అంటారు కాబట్టి, అతను వద్దని చెప్పినా ఆ మాట వద్దనిలా వినబడదు. అంకె కనబడకముందే, 'ఫలానా తేదీలోగా అతను ఫోన్ చేయకపోతే ఈ సంకేతం తప్పు' అని రాసుకుంటే ఈ వెసులుబాటు పోతుంది. చాలామంది ఆ తేదీ రాయడానికే జంకుతారు, ఎందుకంటే జవాబు వాళ్లకు ముందే తెలుసు.