చికిత్స ఎలా పనిచేసింది, ఎవరికి పనిచేసింది?

గోవాలో డిప్రెషన్ రోగులకు సాధారణ కౌన్సెలర్లు అందించిన ‘హెల్దీ యాక్టివిటీ ప్రోగ్రామ్’ ఫలితాలు 2017లో వెలువడ్డాయి. రోగులు మూడో నెలలో రోజువారీ పనుల్లో ఎంత చురుగ్గా ఉన్నారో కొలిచి, పన్నెండో నెలలో డిప్రెషన్ తగ్గడానికి ఆ చురుకే కారణమా అని చూశారు. ఇది మీడియేషన్. ‘అవును’ అని తేలినా కాస్త ఆగి చదవాలి. చికిత్స ఎవరికన్నది లాటరీ తేల్చింది గానీ, ఎవరు చురుగ్గా ఉండాలో లాటరీ తేల్చలేదు. అప్పటికే మనసు తేలికపడ్డవాళ్లే పనుల్లో పడి ఉండవచ్చు. అందుకే మూడో నెల డిప్రెషన్ స్కోరును లెక్కలోకి తీసుకున్నారో లేదో వెతకండి.

మోడరేషన్ ప్రశ్న వేరు: ఎవరికి ఎక్కువ పనిచేసింది? ఏదైనా ట్రయల్‌లో పి విలువ స్త్రీలకు 0.03, పురుషులకు 0.20 వచ్చిందనుకుందాం. అంతమాత్రాన తేడా రుజువైనట్టు కాదు. ఇంటరాక్షన్ పరీక్ష ఫలితం ఇవ్వకపోతే ఆ వాక్యాన్ని నమ్మకండి.