నది పక్కన వేసిన రోడ్డు

శాన్ హువాన్ నది నికరాగువాది. దాని కుడి గట్టు మాత్రం చాలా దూరం కోస్టారికాది. ఆ గట్టు వెంబడి తన నేలమీదే కోస్టారికా 2010 డిసెంబరులో రోడ్డు పని మొదలుపెట్టింది. దాదాపు 160 కిలోమీటర్ల రోడ్డులో 108 కిలోమీటర్లు నది వెంటే సాగుతుంది.

వానలకు రోడ్డు మట్టి తన నదిలోకి కొట్టుకొస్తోందని నికరాగువా అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. పొరుగు దేశానికి గణనీయమైన హాని జరగనివ్వకూడదన్నది పాత సూత్రం. నదిలోని మొత్తం పూడికలో రోడ్డు వాటా ఎక్కువలో ఎక్కువ 2 శాతమేనని తేలడంతో, గణనీయమైన హాని రుజువు కాలేదని 2015లో కోర్టు చెప్పింది.

అయినా కోస్టారికా తప్పించుకోలేదు. అంత పెద్ద పనికి ముప్పు ఉందని ముందే తెలుస్తుంది కాబట్టి, పర్యావరణ ప్రభావాన్ని పని మొదలవకముందే అంచనా వేయాల్సింది. తర్వాత చేయించిన అధ్యయనాలు ఆ లోటు పూడ్చలేదు. అత్యవసర పరిస్థితి అన్న వాదనా నిలవలేదు.

నా దృష్టిలో ముందుజాగ్రత్తకు అసలు బలం ఇదే. ఎందుకంటే, ఆ సూత్రాన్ని ఎత్తిచూపినంత మాత్రాన రుజువు భారం ఎదుటి దేశం మీదికి మారదని ఉరుగ్వే నది కేసులో 2010లోనే ఇదే కోర్టు తేల్చింది.

నికరాగువాకు పరిహారం మాత్రం దక్కలేదు. తప్పు జరిగిందన్న ప్రకటనే చాలని కోర్టు భావించింది.