సబ్‌నెట్ మాస్క్: ఒక అడ్రస్‌ను చేత్తో విడదీసి చూస్తే

కంప్యూటర్‌కు ఇచ్చే ఐపీవీ4 అడ్రస్ 32 బిట్ల సంఖ్య. చదవడానికి వీలుగా దాన్ని ఎనిమిదేసి బిట్ల చొప్పున నాలుగు ముక్కలు చేసి, చుక్కలు పెట్టి రాస్తారు. ఆ 32 బిట్లలో మొదటి కొన్ని నెట్‌వర్క్‌ను, మిగిలినవి అందులోని కంప్యూటర్‌ను సూచిస్తాయి. ఎక్కడిదాకా నెట్‌వర్క్, ఎక్కడి నుంచి కంప్యూటర్ అన్నది అడ్రస్‌ను చూస్తే తెలియదు. ఆ సరిహద్దును చెప్పేదే సబ్‌నెట్ మాస్క్. మాస్క్‌లో 1 ఉన్న చోట నెట్‌వర్క్ భాగం, 0 ఉన్న చోట కంప్యూటర్ భాగం. ఒకట్లన్నీ ఎడమవైపు వరుసగా ఉంటాయి, మధ్యలో సున్నా రాదు.

ఈ విభజన నిజంగా అర్థమైందో లేదో తేల్చుకోవాలంటే ఒక అడ్రస్‌ను కాగితం మీద విడదీయాలి. 192.168.10.77 అనే అడ్రస్‌కు 255.255.255.192 మాస్క్ ఇచ్చారనుకుందాం. మాస్క్‌లోని మొదటి మూడు సంఖ్యలు 255, అంటే వాటిలోని బిట్లన్నీ ఒకట్లే. కాబట్టి 192.168.10 వరకు ఉన్నది ఉన్నట్టే నెట్‌వర్క్‌లోకి వెళుతుంది. లెక్కంతా చివరి ముక్కలోనే ఉంది. 77 అంటే 64, 8, 4, 1 కలిపిన మొత్తం. 192 అంటే 128, 64 కలిపిన మొత్తం. రెండింటినీ బైనరీలో ఒకదాని కింద ఒకటి రాసి, పైనా కిందా 1 ఉన్న చోట మాత్రమే 1 వేయాలి.

```
 77   01001101
192   11000000
AND   01000000  = 64
```

వచ్చిన జవాబు 64. అంటే ఈ కంప్యూటర్ ఉన్న నెట్‌వర్క్ 192.168.10.64. మాస్క్‌లో సున్నాలు ఆరు మిగిలాయి. ఆరు బిట్లతో 64 సంఖ్యలు రాయవచ్చు కనుక ఈ నెట్‌వర్క్ 64 నుంచి 127 వరకు ఉంటుంది. మొదటిదైన 64 నెట్‌వర్క్ పేరుగా పోతుంది. చివరిదైన 127 అందరికీ ఒకేసారి సందేశం పంపే బ్రాడ్‌కాస్ట్ అడ్రస్. కంప్యూటర్లకు ఇవ్వడానికి 65 నుంచి 126 వరకు 62 అడ్రస్‌లు మిగులుతాయి.

ఈ జవాబును ఇంకో దారిలో సరిచూసుకోవచ్చు. 256 లోంచి మాస్క్ చివరి సంఖ్య 192 తీసేస్తే 64 వస్తుంది. అంటే నెట్‌వర్క్‌లు 0, 64, 128, 192 దగ్గర మొదలవుతాయి. 77 వీటిలో 64కూ 128కీ మధ్య పడుతుంది. రెండు దారుల్లోనూ ఒకే జవాబు వస్తే లెక్క సరైనట్టే. నెట్‌వర్క్ సంఖ్య 64తో నిశ్శేషంగా భాగించబడకపోతే ఎక్కడో బిట్ తప్పు రాశారని అర్థం.

అసలు పరీక్ష ఇక్కడ మొదలవుతుంది. 192.168.10.60 అడ్రస్ 77కు దగ్గరలో ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ అది 0 దగ్గర మొదలయ్యే నెట్‌వర్క్‌ది. దూరంగా కనిపించే 126 మాత్రం 77 ఉన్న నెట్‌వర్క్‌లోనిదే. సంఖ్యలు దగ్గరగా ఉండటం ఏమీ చెప్పదు, మాస్క్‌తో లెక్క వేస్తేనే తేలుతుంది. కంప్యూటర్ కూడా ప్రతి సందేశం పంపే ముందు ఈ లెక్కే వేస్తుంది. అవతలి అడ్రస్ తన నెట్‌వర్క్‌దే అని తేలితే నేరుగా పంపుతుంది, కాకపోతే రౌటర్‌కు ఇస్తుంది.

ఒక కంప్యూటర్‌లో మాస్క్ తప్పుగా పెడితే ఏమవుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు. 77 అడ్రస్ ఉన్న కంప్యూటర్‌లో పొరపాటున 255.255.255.0 పెట్టారనుకుందాం. రౌటర్ 65లో, ప్రింటర్ 130లో ఉన్నాయి. చివరి ముక్కలో ఒకట్లేవీ లేవు కనుక 130 కూడా తన నెట్‌వర్క్‌లోనిదే అని ఆ కంప్యూటర్ లెక్కకడుతుంది. రౌటర్ ఊసెత్తకుండా, 130 ఎవరని తన నెట్‌వర్క్‌లోనే బ్రాడ్‌కాస్ట్‌తో అడుగుతుంది. ప్రింటర్ సరిహద్దు అవతల ఉంది, మామూలుగా రౌటర్ అలాంటి ప్రశ్నను అవతలికి చేరవేయదు. జవాబు రాదు. ప్రింటర్ వైపు నుంచి పంపిన సందేశం రౌటర్ మీదుగా 77కు చేరినా, తిరుగు జవాబు ఇదే చోట ఆగిపోతుంది.

ఈ తప్పు వెంటనే బయటపడదు. పక్కనున్న 66 నుంచి 126 వరకు కంప్యూటర్లు అందుతాయి. ఇంటర్నెట్ కూడా పనిచేస్తుంది, ఎందుకంటే బయటి అడ్రస్‌లు తప్పు మాస్క్‌తో చూసినా బయటివే కనుక రౌటర్‌కే వెళతాయి. 192.168.10 తో మొదలయ్యే మిగతా మూడు భాగాలు మాత్రమే అందవు. అన్నీ బాగుండి పొరుగు భాగాలే అందనప్పుడు మాస్క్‌ను అనుమానించాలి. విండోస్‌లో `ping 192.168.10.130` అని టైప్ చేసినప్పుడు `Reply from 192.168.10.77: Destination host unreachable` అని తన సొంత అడ్రస్ నుంచే జవాబు వస్తే, ఆ కంప్యూటర్ సందేశాన్ని రౌటర్‌కు ఇవ్వకుండా నేరుగా పంపాలని చూసి ఉండవచ్చు. `ipconfig` ఇచ్చి అందులో కనిపించే మాస్క్‌తో పై లెక్కను మళ్లీ వేస్తే అది తేలిపోతుంది: 130కి, 77కి ఒకే నెట్‌వర్క్ సంఖ్య వస్తే తప్పు మాస్క్‌దే, మాస్క్‌ను 255.255.255.192గా మార్చాలి.