ఏడు కిలోల్లో ఎండా, చలీ

మే నెలలో హైదరాబాద్ నుంచి బయల్దేరి, ఢిల్లీ, ఆగ్రా ఎండల్లో తిరిగి లేహ్ చేరే రెండు వారాల ప్రయాణమనుకుందాం. దేశీయ విమానాల్లో క్యాబిన్ బ్యాగుకు సాధారణంగా 7 కిలోలే పరిమితి. లావుపాటి స్వెట్టర్ పెడితే సగం సంచి దానికే!

చలికి మందం కన్నా పొరలు మేలు. ఎండలో వేసుకున్న పల్చటి చొక్కాకే లోపల థర్మల్, పైన ఫ్లీస్, ఆపైన గాలిని ఆపే జాకెట్ తోడైతే చాలు. పొరల మధ్య నిలిచిన గాలే వెచ్చదనాన్ని పట్టి ఉంచుతుంది. ఏదైనా దేనికైనా నప్పే రంగుల్లో నాలుగు చొక్కాలు, రెండు ప్యాంట్లు ఉంటే ఎనిమిది జతలవుతాయి. జీన్స్ మాత్రం వద్దు. బరువు, పైగా ఉతికితే ఓ పట్టాన ఆరదు. పల్చటి చొక్కానైతే రాత్రి ఉతికి, పొడి తువ్వాలులో చుట్టి గట్టిగా పిండి ఆరేస్తే పొద్దున్నకు దాదాపు సిద్ధం.

బూట్లు, జాకెట్ ఒంటిమీదే ఉంచుకుని విమానమెక్కండి. బ్యాగును ఇంట్లోనే తూచుకోండి.